బోనస్ దాకా ఆగాలా, ఇప్పుడే మారాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. జీతం నెలకు 1,20,000. ఏడాది బోనస్ 2,40,000 జూన్ 30న జీతంతో పాటు పడుతుంది. నోటీసు 90 రోజులు. ఫిబ్రవరిలో వేరే కంపెనీ 30 శాతం ఎక్కువ జీతంతో ఆఫర్ ఇచ్చింది. మార్చి 1న రాజీనామా ఇచ్చేయమంటారా?

జవాబు: ముందు మీ బోనస్ లెటర్ తీసి షరతులు చదవండి. డబ్బు పడే రోజుకు ‘ఉద్యోగంలో ఉండాలి’ అన్నారా, ‘నోటీసులో ఉండకూడదు’ అన్నారా? వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ, మీ విషయంలో తేడా మూడు నెలలు.

మొదటిదే ఉంటే ఏప్రిల్ 5న రాజీనామా ఇవ్వండి. చివరి రోజు జులై 3 అవుతుంది, బోనస్ అంతకుముందే ఖాతాలో ఉంటుంది. అయితే పడ్డ బోనస్‌ను తర్వాత వెనక్కి తీసుకునే షరతు కూడా కొన్ని లెటర్లలో ఉంటుంది, అదీ చూసుకోండి. రెండోది ఉంటే మాత్రం జులై 1 దాకా ఆగాల్సిందే. మార్చి 1న ఇస్తే నోటీసు మే 29తో అయిపోతుంది కాబట్టి ఏ షరతు ఉన్నా బోనస్ పోయినట్టే.

అలాగని ఆగడం ఉచితమేమీ కాదు. కొత్త జీతం నెలకు 36,000 ఎక్కువ. నాలుగు నెలలు ఆగితే 1,44,000 వదులుకున్నట్టు. బోనస్‌లోంచి అది తీసేస్తే మీకు మిగిలేది 96,000. అంటే కొత్త కంపెనీ జాయినింగ్ బోనస్‌గా లక్ష ఇచ్చినా మార్చిలోనే వెళ్లిపోవడం మేలు. పోయే బోనస్ చూపించి ఆ మాట అడగడానికి మొహమాటపడకండి, హెచ్‌ఆర్‌లకు ఇది రోజూ వినే మాటే. కాకపోతే ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టమంటారు.

ఇవ్వనంటే, జులై దాకా ఆ ఆఫర్ మీ కోసం కూర్చోదు. దాన్ని వదిలేసి మళ్లీ వెతకడం ఏప్రిల్ చివర్లో మొదలుపెట్టండి. ఏప్రిల్-మార్చి లెక్కన నడిచే కంపెనీలకు అప్పటికి కొత్త బడ్జెట్ వచ్చి ఉంటుంది. మే, జూన్‌లలో బోనస్‌లు పడ్డాక జనం మానేస్తారు, ఆ ఖాళీలూ తెరుచుకుంటాయి. మీ అప్రైజల్ లెటర్ కూడా ఈలోపు చేతికొస్తే బేరం పెరిగిన జీతం మీదే మొదలవుతుంది. అమెరికా కంపెనీల సెంటర్లలో చాలావాటికి మాత్రం ఏడాది జనవరితో మొదలవుతుంది, అక్కడ ఇదంతా మూడు నెలలు ముందే జరుగుతుంది.

జులైలో ఒక్క వారం కూడా జారనివ్వకండి. చాలా కంపెనీలు అక్టోబరు 1 తర్వాత చేరినవాళ్లను వచ్చే ఏప్రిల్ అప్రైజల్‌లో కలపవు. ఆ తేదీ ఎప్పుడో ఆఫర్ ఒప్పుకునే ముందే అడగండి. జులై 1న రాజీనామా ఇస్తే సెప్టెంబరు 28న బయటపడి, 29న చేరొచ్చు. బోనస్ పడింది కదా అని ఊరెళ్లొచ్చి 10న ఇస్తే అక్టోబరు 7 అవుతుంది. నా క్లయింట్ ఒకాయన సరిగ్గా ఇలాగే చేశారు. ఆయన మొదటి ఇంక్రిమెంట్ ఏడాదిన్నర తర్వాత వచ్చింది.