‘లాగింగ్’ పోగు వెనుకబడిందా?

సందేహం: మాస్టారికి నమస్కారం. నేను తెలుగు మీడియం ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు తయారయ్యే రెండు కొత్త పోగుల్లో లీడింగ్ స్ట్రాండ్‌ని ‘ముందంజ పోగు’, లాగింగ్ స్ట్రాండ్‌ని ‘వెనుకబడ్డ పోగు’ అని నోట్సులో రాయిస్తున్నాను. ఒక పిల్లాడు ‘లాగింగ్ అంటే లాగబడేది’ అని రాశాడు. ఇంకొందరు అది నెమ్మదిగా, రెండోది పూర్తయ్యాక తయారవుతుందని రాశారు. సరైన మాట ఏమిటి? లైగేజ్ ఎంజైమ్ చేసే పనిని ‘సంధి’ అనవచ్చా?

సమాధానం: ‘లాగబడేది’ అని రాసిన పిల్లాణ్ని తిట్టకండి. ‘లాగు’ అనే క్రియ మనకు చిన్నప్పటినుంచీ నోట్లో నానిన మాట. తెలుగు లిపిలో ‘లాగింగ్’ కనిపిస్తే చెవి అటే పోతుంది. రెండో తప్పు మాత్రం మీ ‘వెనుకబడ్డ’ వల్ల వచ్చింది. వెనుకబడిన ప్రాంతం, చదువులో వెనుకబడ్డాడు అంటున్నప్పుడు ఆ మాటలో ఎప్పుడూ ఒక లోపం, ఒక దూరం ఉంటాయి. ఇక్కడ లోపమూ లేదు, చెప్పుకోదగ్గ దూరమూ లేదు. అక్కడ నిజంగా జరిగేదేమిటో చూస్తే మాట దానంతటదే దొరుకుతుంది.

ఒక కాగితపు చుట్ట మధ్యలో ఉంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చున్నారు. మూడోవాడు చుట్టను ఒకే దిక్కుకు విప్పుకుంటూ పోతున్నాడు. ఈ మూడోవాడే హెలికేజ్. వాడు అక్షరం ముక్క రాయడు, జంట పోగులను విడదీయడమే వాడి పని. పోగులు విడిపోతున్న ఆ చోటినే ఫోర్క్ అంటారు. పంగలకర్ర చూసినవాళ్లకు ‘పంగ’ అంటే చాలు. కూర్చున్న ఇద్దరూ పాలిమరేజ్‌లు. మనం తెలుగు ఎడమ నుంచి కుడికే రాసినట్టు, పాలిమరేజ్ కూడా కొత్త పోగును 5' కొన నుంచి 3' కొన వైపే పెంచుతుంది. ఇందులో దానికి మినహాయింపు లేదు.

మొదటివాడికి కాగితం కుడివైపుకు తెరుచుకుంటోంది. వాడికి హాయి, విప్పినకొద్దీ రాసుకుపోతాడు. ఎదుటివాడికి అదే కాగితం ఎడమవైపుకు తెరుచుకుంటుంది. పాత పోగులు రెండూ ఒకదానికొకటి వ్యతిరేక దిక్కుల్లో ఉండటమంటే ఇదే. వాడు రాయాల్సిన వాక్యం ‘రామయ్య రేపు ఊరికి వెళ్తాడు’ అనుకోండి. ముందు బయటపడేది కుడి చివర, అంటే ‘వెళ్తాడు’కు సరిపోయే చోటు. ఆ మాత్రం తెరుచుకోగానే దాని ఎడమ అంచుకు వెళ్లి ‘వెళ్తాడు’ రాస్తాడు. మరికాస్త విప్పాక ఇంకా ఎడమకు జరిగి ‘ఊరికి’, ఆ తర్వాత ‘రేపు’, చివరికి ‘రామయ్య’ రాస్తాడు. ప్రతి మాటనూ ఎడమ నుంచి కుడికే రాశాడు, మాటల వరస మాత్రం తిరగబడింది. లాగింగ్ పోగు సంగతంతా ఇంతే.

ఇప్పుడు ఎంత వెనుకబడ్డాడో లెక్క వేద్దాం. ఇ.కోలై బాక్టీరియాలో పాలిమరేజ్ సెకనుకు సుమారు 1,000 అక్షరాలు, అంటే న్యూక్లియోటైడ్లు, చేరుస్తుంది. ఎదుటివాడు ఒక్కోసారి రాసే ముక్క పొడవు 1,000 నుంచి 2,000 అక్షరాలు. అంటే ఎదుటివాడి ఆలస్యం మహా అయితే ఒకటి రెండు సెకన్లు. పైగా ఆ ఇద్దరూ వేర్వేరుగా తిరగరు, ఒకే యంత్రంలో భాగాలుగా కలిసే కదులుతారు. మొదటిది పూర్తయ్యాక రెండోది మొదలవుతుందనడం పూర్తిగా తప్పు.

అందుకని నేనైతే ‘ఏకధాటి పోగు’, ‘విడతల పోగు’ అంటాను. ఏకధాటిగా వాన కురిసింది, రెండు విడతల్లో డబ్బు కట్టాను అని రోజూ అనేవే కాబట్టి పిల్లలకు వివరించే పని ఉండదు. ‘అతుకుల పోగు’ అనీ అనుకున్నాను గానీ, పని పూర్తయ్యాక అందులో అతుకులు కనబడవు. అతుకులబొంత గుర్తుకొస్తే మళ్లీ ఇంకో అపోహ.

ఇక సంధి సంగతి. ఇక్కడ మీరు ఇద్దరి పనిని, చెరిపి రాసేవాడి పనినీ అతికేవాడి పనినీ, కలిపేస్తున్నారు. పాలిమరేజ్‌కి ఒక బలహీనత ఉంది. ఉన్న అక్షరం పక్కన ఇంకోటి చేర్చగలదు గానీ, ఖాళీ కాగితం మీద మొదటి అక్షరం పెట్టలేదు. శ్రీకారం చుట్టేది ప్రైమేజ్. అది రాసేది డీఎన్ఏ కాదు, ఆర్ఎన్ఏ. ఇ.కోలైలో పది పన్నెండు అక్షరాల చిన్న తునక, దాన్నే ప్రైమర్ అంటారు. మన వాక్యంలో ‘వెళ్తాడు’లోని ‘వె’ని, ‘ఊరికి’లోని ‘ఊ’ని పెన్సిల్‌తో రాసినట్టు. మిగతాదంతా సిరా. ఏకధాటి పోగుకు మొదట్లో ఒక్కసారి పెన్సిల్ తాకిస్తే దాదాపు సరిపోతుంది, విడతల పోగుకు మాత్రం ప్రతి మాటకూ కావాలి.

ఈ పెన్సిల్ గీతల్ని ఉంచకూడదు. ఇ.కోలైలో పాలిమరేజ్-1 అనే మరో ఎంజైమ్ వస్తుంది. ‘ఊరికి’ చివర నిలబడి, ముందున్న ‘వె’ని చెరిపేస్తూ, అదే చోట సిరాతో ‘వె’ రాస్తుంది. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుంది, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదాన్ని తోసేస్తుంది అని వ్యాకరణంలో చెప్పుకుంటాం కదా, ఇది అచ్చంగా ఆదేశం.

అప్పటికి అక్షరాలన్నీ చేరాయి, వరసా సరిగ్గానే ఉంది. ‘ఊరికి’కి, ‘వెళ్తాడు’కి నడుమ ఒకే ఒక్క రసాయన బంధం లోటు. ఒక ముక్క 3' కొనను పక్క ముక్క 5' కొనతో ముడివేసేది లైగేజ్. ‘రాముడు + అతడు’ ‘రాముడతడు’ అయినప్పుడు ఒక ఉకారం పోతుంది. లైగేజ్ దగ్గర ఏ అక్షరమూ పోదు, కొత్తదీ రాదు. కాబట్టి సంధి అనకండి. ‘కలిపిరాత’ అనండి, లేదా ‘అతకడం’ అనండి.

ఈ చివరి మెలిక పడకపోతే ఏమవుతుందో పరీక్షించి చూసినవాళ్లున్నారు. జపాన్‌లోని నగోయాలో రేజీ ఒకజాకి, ఆయన భార్య సునెకో ఒకజాకి 1968లో ప్రచురించిన ప్రయోగాలవి. కొత్త డీఎన్ఏలో చేరి గుర్తుగా పనిచేసే రేడియోధార్మిక థైమిడిన్‌ను కొన్ని సెకన్లపాటు మాత్రమే ఇచ్చి, కొత్తగా తయారైన డీఎన్ఏను పొడవును బట్టి వేరుచేశారు. ఆ గుర్తు పొట్టి ముక్కల్లో కనబడింది. ఇంకాస్త సమయం ఇస్తే పొడుగు పోగుల్లోకి చేరింది. వేడి పెరిగితే లైగేజ్ పనిచేయని టీ4 వైరస్‌ను తీసుకుని చూస్తే, పొట్టి ముక్కలు అలాగే పేరుకుపోయాయి. ఆ ముక్కలకు ఒకజాకి ముక్కలనే పేరు అలా వచ్చింది.

మనుషుల్లో ఈ ముక్కలు ఇంకా పొట్టివి, 100 నుంచి 200 అక్షరాలే. పాలిమరేజ్ వేగమూ తక్కువే. అయినా అక్కడా పని ముక్కముక్కలుగానే సాగుతుంది కాబట్టి ‘విడతల’ అన్న మాట చెల్లుతుంది.

పరీక్ష పేపర్లో ఇంగ్లిష్ పేరు తప్పదు గనక, ‘లాగింగ్’ పక్కనే ‘విడతల’ అని రాయించండి. పిల్లలు గీసిన బొమ్మ దిద్దేటప్పుడు ముక్కలకు వయసు వరసన 1, 2, 3 అంకెలు వేయమనండి. పంగకు దూరంగా 1 ఉండాలి, పంగను ఆనుకుని ఉన్నది అన్నిటికంటే కొత్త ముక్క కావాలి. తలకిందులుగా వేశారంటే బాణాలు ఎంత అందంగా గీసినా విషయం ఎక్కలేదన్నమాట.