మెకాలే మాట అచ్చుకి వెళ్లే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు తెలుగులో చదువుల చరిత్ర మీద పుస్తకం రాస్తున్నావని చెప్పింది. మన ఇంట్లో పుస్తకాలకి ప్రూఫులు దిద్దినవాణ్ణి నేనున్నాను గానీ పుస్తకం రాసినవాళ్లు ఇంతవరకూ లేరు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ సంతోషంలో ఉండగానే అక్క నీ మొదటి పేరా చదివి వినిపించింది. భారతదేశం నలుమూలలా తిరిగాననీ, ఒక్క బిచ్చగాడు గానీ ఒక్క దొంగ గానీ కనబడలేదనీ, ఈ దేశం వెన్నెముక విరవాలంటే దాని పాత చదువుని మార్చాలనీ మెకాలే 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో అన్నాడట. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు.

అమ్మాయ్, ముందు ఆ పేరా కొట్టెయ్. ఆ రోజు మెకాలే లండన్‌లోనే లేడు. 1834 జూన్‌లో మద్రాసులో ఓడ దిగాడు. గవర్నర్ జనరల్ కౌన్సిల్లో న్యాయ సభ్యుడిగా కలకత్తాలో పనిచేస్తూ 1838 మొదట్లో గానీ తిరిగి వెళ్లలేదు. పార్లమెంటు మాటకొస్తే, ఫిబ్రవరి 2 నాటికి పాతది రద్దయి ఉంది. ఎన్నికలయ్యాక కొత్త సభ కూర్చున్నది 19న. అంటే ఆ వాక్యాలు చెప్పడానికి మనిషీ అక్కడ లేడు, సభా అక్కడ లేదు.

ఇందులో నన్ను భయపెట్టేది ఏమిటో చెబుతాను. తేదీ మాత్రం నిజమైనదే. చదువుల గురించి మెకాలే రాసిన మినిట్, అంటే కౌన్సిల్లో దాఖలు చేసిన అభిప్రాయ పత్రం, సరిగ్గా ఆ తేదీదే. ఎవరో అబద్ధపు మాటలకి నిజమైన పత్రం తేదీ తగిలించారు. అందుకే తేదీ ఒక్కటి సరిచూసుకున్నవాళ్లు 'ఆఁ, ఉందిలే' అనుకుని ముందుకెళ్లిపోతారు. నువ్వూ అదే చేసి ఉంటావు. తేదీ, పేరు, ఊరు సరిపోయినంత మాత్రాన వాక్యం సరిపోయినట్టు కాదు తల్లీ. పత్రం తెరిచి, ఆ వాక్యం ఏ పేరాలో ఉందో వేలు పెట్టి చూపించగలగాలి.

తెరవడం కష్టమేమీ కాదు. షార్ప్ అనే ఆయన సంకలనం చేసిన 'సెలక్షన్స్ ఫ్రమ్ ఎడ్యుకేషనల్ రికార్డ్స్' మొదటి భాగం 1920లో కలకత్తాలో ప్రభుత్వ ముద్రణగా వచ్చింది. 1965లో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్లు మళ్లీ వేశారు. మినిట్ అందులో 107 నుంచి 117 పేజీల దాకా ఉంటుంది, పేరాలకి నంబర్లు కూడా ఉంటాయి. మొత్తం పదకొండు పేజీలు. ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. బిచ్చగాడూ దొంగా అందులో ఎక్కడా కనబడరు.

సరే, ఆ పేరా తీసేశాక దాని స్థానంలో ఏం పెడతావో కూడా నాకు తెలుసు. 'రక్తంలో, రంగులో భారతీయులై, అభిరుచుల్లో, అభిప్రాయాల్లో, నీతిలో, బుద్ధిలో ఇంగ్లీషువారైన ఒక వర్గాన్ని తయారుచేయాలి' అన్న వాక్యం. ఇది నిజంగా ఉంది, 34వ పేరాలో. కానీ అసలు గొడవ ఇక్కడే ఉంది. ఒక సంగతి చెప్పాలి, కాస్త ఓపిగ్గా చదువు.

నేను ప్రెస్సులో ఉన్న రోజుల్లో ఒక లెక్చరర్ గారి పుస్తకం మా దగ్గర అచ్చయింది. పెద్దమనిషి, మంచి చదువరి. పేరెందుకులే. దేశభాషల్లో బోధన గురించే ఆ పుస్తకం కూడా. అందులో ఈ వాక్యం వేసి, 'తయారుచేయాలి' దగ్గర ఫుల్‌స్టాప్ పెట్టి, ఆ కిందనే 'దేశభాషలు ఏమైపోవాలన్న ఊసే మెకాలేకి లేదు' అని రాశారు. ఫుట్‌నోట్‌లో షార్ప్ సంకలనం పేరు, సంవత్సరం, పేజీ నంబరు శుభ్రంగా ఉన్నాయి. నేను దిద్దిన ప్రూఫు ఆయన రాతప్రతికి అక్షరం తేడా లేకుండా సరిపోయింది.

ఆవిష్కరణ సభ ఒక లైబ్రరీ హాల్లో జరిగింది. దండలూ ప్రసంగాలూ అయ్యాక, వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచి, సంచిలోంచి షార్ప్ పుస్తకమే తీశాడు. 'అయ్యా, తమరు ఇచ్చిన పేజీయే చదువుతున్నాను' అని ఆ వాక్యం చదివి, ఆగకుండా దాని తర్వాతి వాక్యం కూడా చదివాడు. ఆ దేశంలోని దేశభాషలను సంస్కరించడం, పాశ్చాత్య పరిభాష నుంచి తెచ్చుకున్న శాస్త్ర పదాలతో వాటిని సంపన్నం చేయడం, క్రమంగా ప్రజాసామాన్యానికి జ్ఞానాన్ని చేరవేసే సాధనాలుగా వాటిని తయారుచేయడం ఆ వర్గానికే వదిలేయవచ్చు అని ఉంది అందులో. ఊసే లేదన్న భాషల ఊసు ఫుల్‌స్టాప్ దాటిన వెంటనే ఉంది. ఆయన అంతకుమించి ఒక్క మాట అనలేదు. పుస్తకం మూసి కూర్చున్నాడు.

లెక్చరర్ గారి ముఖం ఇప్పటికీ గుర్తుంది నాకు. తర్వాత నాతో చెప్పారు, షార్ప్ పుస్తకం తాను చూడలేదని. ఆ వాక్యం ఒక తెలుగు పుస్తకం నుంచి తీసుకున్నారు. ఆ తెలుగాయన ఒక ఇంగ్లీషు పుస్తకం నుంచి తీసుకున్నాడు. ఇంగ్లీషు పుస్తకంలో వాక్యం చివర మూడు చుక్కలు ఉన్నాయి, ఇంకా ఉందని చెప్పడానికి. తెలుగులోకి వచ్చేటప్పుడు ఆ చుక్కలు పోయి ఫుల్‌స్టాప్ వచ్చింది. ఫుట్‌నోట్ మాత్రం మొదటివాళ్లు రాసింది చివరిదాకా అలాగే నడిచొచ్చింది. చూడని పుస్తకానికి చూసినట్టు ఫుట్‌నోట్! ఆయన వాదంలో పస లేదని కాదు. ఎనిమిదో పేరాలో మెకాలే మన భాషల్ని 'పేదవి, మోటువి' అన్నాడు, సాహిత్యం గానీ శాస్త్ర విజ్ఞానం గానీ వాటిలో లేవన్నాడు. మెకాలేని పట్టుకోవడానికి ఆ పేరా చాలదూ? ఉన్న మాటతోనే దొరికే మనిషిని లేని మాటతో పట్టుకోబోతే, మనమే దొరుకుతాం. ఆ పుస్తకం మళ్లీ అచ్చుకి రాలేదు. చివరి రోజుల్లో లెక్చరర్ గారిని చూసినప్పుడల్లా నాకు బాధగానే ఉండేది.

అందుకని ఏ వాక్యం వాడినా దాని ముందు పేరా, వెనక పేరా చదువు. 34వ పేరాలో ఆ వాక్యానికి ముందు, మాకున్న కొద్ది వనరులతో ప్రజలందరికీ చదువు చెప్పడం అసాధ్యం అంటాడు. ఆ తర్వాతే 'ప్రస్తుతానికి' అన్న మాటతో ఈ వర్గం సంగతి ఎత్తుకుంటాడు. ఆ 'ప్రస్తుతానికి' చాలా పుస్తకాల్లో మాయమైంది. పోయిన మాటకి చుక్కలు కూడా ఉండవు.

పదో పేరాలో బీరువా అర సంగతి కూడా అలాంటిదే. మంచి యూరోపియన్ గ్రంథాలయంలో ఒక్క అర, ఇండియా అరేబియా సాహిత్యమంతటికీ సమానమని మెకాలే సూటిగా అన్నట్టు అందరూ రాస్తారు. ఆయన అసలు వాక్యంలో, ప్రాచ్య విద్యల పండితుల్లో ఈ మాట కాదనగలిగినవాడు తనకి ఒక్కడూ తగల్లేదు అంటాడు. దానికి కొంచెం ముందే తనకి సంస్కృతం గానీ అరబీ గానీ రావని ఒప్పుకుంటాడు. అభిప్రాయం ఆయనదే, సందేహం లేదు. కానీ దాన్ని ఎవరి నోటి మీదుగా చెప్పిస్తున్నాడో చూస్తే ఆ మనిషి తెలివి ఇంకా బాగా అర్థమవుతుంది. నీ పుస్తకానికి అది ఎక్కువ ఉపయోగం కూడా.

సరిచూసే పద్ధతి చెబుతాను. కంటితో ఒక్కదానివే పోల్చకు. తెలిసిన వాక్యంలో కన్ను ఉన్నది చూడదు, ఉండాలనుకున్నది చూస్తుంది. మా ప్రెస్సులో కాపీ హోల్డర్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. వాడు మూలం పైకి చదువుతుంటే నేను ప్రూఫు చూసేవాణ్ణి. కామా వస్తే కామా అనేవాడు, ఇటాలిక్ వస్తే ఇటాలిక్ అనేవాడు. మీ ఆయన్ని కూర్చోబెట్టి చదివించు, ఆదివారం ఎలాగూ ఖాళీయేగా. మూలం అతని చేతిలో ఉండాలి, నీ రాత నీ చేతిలో ఉండాలి. తేడా వస్తే నీ రాతే దిద్దు, నీకు నచ్చకపోయినా సరే. తెలుగులోకి నువ్వే అనువదించుకుంటే ఇంగ్లీషు వాక్యం పూర్తిగా నోట్స్‌లో రాసి ఉంచు.

archive.org లో స్కాన్ దొరికితే మంచిదే, కానీ సెర్చ్‌ని నమ్ముకోకు. పాత అచ్చుని మెషిన్ తప్పుగా చదివితే, ఉన్న వాక్యం కూడా లేదంటుంది. వాక్యమంతా కొట్టకుండా అరుదైన ఒక్క మాట కొట్టి వెతుకు. అప్పటికీ దొరక్కపోతే పేజీలు తిప్పు. స్కాన్ మొదటి పేజీల్లో అది ఏ ముద్రణో చూసి రాసుకో. బ్రౌన్ నిఘంటువు సంగతి తెలుసుగా, 1852లో ఇలా అర్థం రాశాడు అంటూ చాలామంది ఎత్తి రాసేది 1903లో ఇతరులు సవరించి వేసిన కూర్పు. ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనబడేది అదే. నీ పుస్తకంలో బ్రౌన్ తప్పకుండా వస్తాడు కాబట్టి చెబుతున్నాను.

మూలం ఎంత వెతికినా దొరకకపోతే, 'ఫలానా పుస్తకంలో ఉదహరించిన ప్రకారం' అని రాసెయ్. అందులో నామోషీ ఏమీ లేదు.

మెకాలే పార్లమెంటులో మాట్లాడిందే కావాలని పట్టుబడితే, 1833 జులై 10 నాటి ప్రసంగం తీసుకో. భారతీయులు ఎప్పుడైనా యూరోపియన్ తరహా సంస్థలు కావాలని అడిగే రోజు వస్తే అది ఇంగ్లండ్ చరిత్రలోకెల్లా గర్వించదగ్గ రోజు అవుతుందన్నది అందులోదే. కానీ ఇక్కడా జాగ్రత్త. 1853లో ఒక ప్రచురణకర్త ఆయన అనుమతి లేకుండా ప్రసంగాలు అచ్చేస్తే, అవి తప్పులతడకగా ఉన్నాయని మండిపడి, 1854లో తానే సవరించి వేరే సంపుటం వేసుకున్నాడు. పార్లమెంటు చర్చల సంపుటాలైన హాన్సార్డ్‌లో ఉన్నది ఆనాటి పత్రికల రిపోర్టుల ఆధారంగా కూర్చింది, మాటకి మాట ఎత్తి రాసింది కాదు. కాబట్టి సభ విన్నదానికి దగ్గరగా ఉన్నది కావాలా, ఇరవై ఏళ్ల తర్వాత ఆయన నిలబెట్టుకోవాలనుకున్నది కావాలా అన్నది నువ్వే తేల్చుకుని, ఏది వాడావో ఫుట్‌నోట్‌లో చెప్పు. రెండూ కలిపి ఒక వాక్యం మాత్రం అల్లకు, చెవులు మెలేస్తాను.

కోప్పడ్డానని మీ అమ్మతో చెప్పకు. ఈ వారంలో నీ అధ్యాయంలో ఉటంకింపులన్నీ ఒకచోట చేర్చి, పక్కనే మూలం పేజీ జిరాక్స్ పెట్టి పంపు. అక్షరాలు కాస్త పెద్దగా ఉండేలా తీయించు, నా కళ్లద్దాలు మార్చే పని ఇంకా అవలేదు.

మీ మామయ్య