గూగుల్ యాడ్స్‌లో మన ప్రకటన క్యాంపెయిన్లే ఒకదానితో ఒకటి పోటీ పడితే ఎలా తెలుస్తుంది?

చిన్న కథలా చెప్పగలరా?

ఒక అనలిస్ట్ అదే అర్థమున్న వెతుకులాటలకే ప్రకటన చూపే ఎగ్జాక్ట్ మ్యాచ్‌తో ఒకటి, సంబంధమున్న వెతుకులాటలకూ చూపే బ్రాడ్ మ్యాచ్‌తో ఇంకొకటి, ఇలా రెండు క్యాంపెయిన్లు నడిపేది. మధ్యాహ్నం దాటితే మొదటిదానికి క్లిక్కులు ఆగిపోయేవి. ఎవరో పోటీదారు ఎగరేసుకుపోతున్నారనుకుంది.

జనం ఏం వెతికితే ప్రకటన వచ్చిందో చూపే సెర్చ్ టర్మ్స్ రిపోర్టులు రెండింటివీ పక్కపక్కన పెడితే అవే మాటలు రెండు చోట్లా కనిపించాయి! ఎగ్జాక్ట్‌కు రోజువారీ బడ్జెట్ అయిపోగానే ఆ వెతుకులాటలు బ్రాడ్‌కు, అంటే అంతగా సరిపోని ల్యాండింగ్ పేజీకి పోతున్నాయి.

గూగుల్ యాడ్స్‌లో ఒకే ఖాతా ప్రకటనలు ఒకదాని రేటు ఒకటి పెంచవు. ఒక స్థానానికి వేలంలోకి ఒక్కటే వెళ్తుంది. రెండు ఖాతాలైతే ఆ భరోసా లేదనుకోండి. ఆమెకు నష్టం రేటులో కాదు, ఏ ప్రకటన వెళ్తోందన్న దగ్గర.

ఆ మాటల్ని బ్రాడ్‌లో ఎగ్జాక్ట్ నెగటివ్‌లుగా, అంటే సరిగ్గా అవే వెతికితే ప్రకటన రాకుండా, చేర్చి, అక్కడి బడ్జెట్ కొంత ఎగ్జాక్ట్‌కు మార్చింది.