టెక్ సందేహాలు: హెడ్‌హంటర్‌కి తొలి మెయిల్ ఎలా, ఎక్కడి నుంచి?

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల ఎగుమతి సంస్థలో ప్లాంట్ల ఆపరేషన్స్ అంతా నేనే చూస్తాను. 22 ఏళ్ల అనుభవం. పెద్ద పోస్టులకు మనుషుల్ని వెతికిపెట్టే హైదరాబాద్ కన్సల్టెంట్‌కి ఒక మెయిల్ రాద్దామనుకుంటున్నా. ఎంత రాయాలి, ఏ అకౌంట్ నుంచి పంపాలి? రెజ్యూమె పీడీఎఫ్ జత చేయొచ్చా? మా ఓనర్లకు ముందే తెలిస్తే చాలా ఇబ్బంది.
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: తొలి మెయిల్‌కి రెజ్యూమె జత చేయకండి. నూట యాభై మాటల్లోపు మెయిల్ చాలు. ఈ కన్సల్టెంట్లకు ఫీజు ఇచ్చేది మనిషి కావాల్సిన కంపెనీ, మీరు కాదు. కాబట్టి మీ మెయిల్ చూడగానే ఆయనకు తెలియాల్సినవి మూడే: మీరు మోస్తున్న పని ఎంత పెద్దది, ఎక్కడికి కదలగలరు, విషయం ఎంత గుట్టుగా ఉంచాలి. ఆయనకు పంపింది సాధారణంగా వాళ్ల డేటాబేస్‌లోకి వెళ్తుంది, ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. పీడీఎఫ్ ఉంటే ఒక్క క్లిక్కుతో ఇంకొకరికి చేరుతుంది. మీరు ఇవ్వని ఫైలు ఎవరి చేతా జారిపోదు.

ముందు అకౌంట్ సంగతి. సొంత జీమెయిల్, సొంత ఫోన్, సొంత మొబైల్ డేటా. ఆఫీసు లాప్‌టాప్‌లో సొంత జీమెయిల్ తెరిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, సరిపోదు. ఆ లాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి, కుడివైపు పైన మూడు చుక్కల మెనూ కింది భాగం చూడండి. అక్కడ Managed by your organization అని ఉంటే బ్రౌజర్ కంపెనీ అదుపులో ఉన్నట్టే. అడ్రస్ బార్‌లో ఇది కొడితే వివరాలు కూడా కనిపిస్తాయి:

```
chrome://management
```

ఆ మాట లేనంత మాత్రాన ఆఫీసు మెషీన్ సురక్షితం అనుకోవద్దు. నిఘా సాఫ్ట్‌వేర్ బ్రౌజర్ బయట కూడా ఉండొచ్చు. ఫోన్లో కంపెనీ వర్క్ ప్రొఫైల్ పెట్టి ఉంటే ఆ యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు ఉంటుంది. ఆ గుర్తు లేని జీమెయిల్ నుంచే రాయండి. ఒకే యాప్‌లో రెండు అకౌంట్లు ఉన్నవాళ్లు పంపేముందు From గడిలో ఏ ఐడీ ఉందో చూడాలి, పొరపాట్లు ఎక్కువగా జరిగేది అక్కడే. కంప్యూటర్లో జీమెయిల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి Undo Send ని 30 సెకన్లకు మార్చుకోండి. పంపాక ఐడీ తప్పని కనిపిస్తే ఆ అర నిమిషం అక్కరకొస్తుంది.

ఇంకొక దారి కూడా మూయాలి. మీ లింక్డ్‌ఇన్ ఖాతా ఏ మెయిల్‌తో తెరిచారు? చాలామంది సీనియర్లది ఆఫీసు ఐడీనే. కన్సల్టెంట్ అక్కడ మెసేజ్ పెడితే ఆ సమాచారం ఆఫీసు ఇన్‌బాక్స్‌కి వెళ్లి కూర్చుంటుంది. Settings లో Sign in & security కింద Email addresses తెరిచి సొంత మెయిల్‌ని ప్రైమరీ చేసి, ఆఫీసుది తీసేయండి. ఇది మెయిల్ రాయడానికి ముందే జరగాలి.

ఇక రాయాల్సిన విషయం. పని పరిధి దగ్గర మనవాళ్లు రెండు రకాలుగా తప్పుతారు. ఒకరు ‘ఆపరేషన్స్ మొత్తం నాదే’ అని వదిలేస్తారు, దాంతో కన్సల్టెంట్‌కి ఏమీ తెలియదు. ఇంకొకరు ప్లాంటున్న ఊరి పేరు, టన్నులు, టర్నోవర్, అమెరికాలో కొనే కంపెనీ పేరు అన్నీ రాసేస్తారు. మీరు ఎవరికి రిపోర్ట్ చేస్తారు, ఏ నిర్ణయాలు మీవి, ఏవి కావు అనేది అంకెల కంటే ముఖ్యం. ప్రాసెసింగ్ అంటే ఉత్పత్తి, క్వాలిటీ, కోల్డ్ స్టోరేజీ, షిప్‌మెంట్ మీ కింద ఉండొచ్చు. కానీ చెరువు గట్టు మీద వనామీ ఏ కౌంట్‌కి ఎంత రేటు పెట్టాలో ఓనరే చెబుతుంటే ఆ మాట కూడా రాయండి. రొయ్యల వ్యాపారంలో లాభనష్టాలు చాలావరకు తేలేది ఆ రేటు దగ్గరే, కాబట్టి అది మీ చేతిలో ఉందో లేదో ఈ రంగం తెలిసిన కన్సల్టెంట్ మొదటి ఫోన్‌లోనే అడుగుతాడు. ముందే చెప్పినవాళ్ల మీద నమ్మకం కుదురుతుంది.

అంకెల్ని రేంజ్‌లో ఇవ్వండి. ‘భీమవరం, మూడు ప్లాంట్లు, రోజుకు ఇన్ని టన్నులు’ అని ఒకే వాక్యంలో పెడితే పేరు లేకపోయినా పాలకొల్లులో మేత డీలర్ సైతం అది ఎవరో చెప్పేస్తాడు. కన్సల్టెంట్‌కి మీ పేరు తెలియాలి, తప్పదు. పేరు లేని మెయిల్‌ని ఎవరూ పట్టించుకోరు. కానీ రేపు ఆయన ఒక క్లయింట్‌తో ‘కోస్తాలో ఒకాయన ఉన్నారు’ అని పేరు చెప్పకుండా మాట్లాడేటప్పుడు చాలాసార్లు మీరు రాసిన మాటలనే వాడతాడు. ఆ మాటల్లోనే మీ గుర్తు పట్టించే వివరం ఉంటే ఆయన ఎంత జాగ్రత్తపడినా లాభం లేదు. బయ్యర్ల పేర్లు, మార్జిన్లు అసలు వద్దు. అవి మీ ప్రస్తుత సంస్థవి. వాటిని తొలి మెయిల్‌లోనే బయటపెట్టే మనిషి తర్వాతి సంస్థవీ బయటపెడతాడని ఎవరికైనా అనిపిస్తుంది.

మీరు రాసేది ఇంగ్లిష్‌లోనే అయినా, సాగాల్సిన తీరు ఇలా ఉంటే బాగుంటుంది:

> సబ్జెక్టు: ఆపరేషన్స్ హెడ్, సీఫుడ్ – పరిచయం, గోప్యం
>
> నమస్తే అండి. రొయ్యల ప్రాసెసింగ్, ఎగుమతి రంగంలో 22 ఏళ్లుగా ఉన్నాను. ప్రస్తుతం ఆపరేషన్స్ హెడ్‌ని, మేనేజింగ్ డైరెక్టర్‌కి నేరుగా రిపోర్ట్ చేస్తాను. ఒకటికి మించిన ప్లాంట్లు, రోజుకు 50 నుంచి 80 టన్నులు, పర్మనెంట్ సిబ్బంది 300 పైన, కాంట్రాక్టు మీద వెయ్యికి పైన. ఉత్పత్తి, క్వాలిటీ, కోల్డ్ స్టోరేజీ, షిప్‌మెంట్ నా బాధ్యత. అమ్మకాలు, కొనుగోలు ధర కాదు.
>
> సీఓఓ స్థాయి పోస్టు చూస్తున్నాను. ఫ్రోజెన్ ఫుడ్, కోల్డ్ చైన్ రంగాలైనా సరే.
>
> విశాఖ, హైదరాబాద్, చెన్నై ఇప్పుడే సరే. మిగతా నగరాలు వచ్చే జూన్ తర్వాత. విదేశాలు ప్రస్తుతం వద్దు. నోటీసు 90 రోజులు.
>
> సంస్థ పేరు చెప్పి, నేను మెయిల్‌లో సరే అన్నాకే నా వివరాలు ఆ సంస్థకు ఇవ్వండి. ప్రస్తుత సంస్థలో ఎవరినీ వాకబు చేయొద్దు. ఈ ఐడీకి, ఈ నంబరుకే, రాత్రి 8 తర్వాత. కొన్ని సంస్థల గురించి ఫోన్‌లో చెప్తాను.

కింద పేరు, సొంత నంబరు. హోదా, కంపెనీ లోగో ఉన్న సిగ్నేచర్ జీమెయిల్‌లో ఎప్పుడో పెట్టుకుని ఉంటే తీసేయండి.

ఊరు మారడం గురించి రాసిన పేరా చూడండి. ‘ఎక్కడికైనా రెడీ’ అని రాస్తే బాగుంటుందనిపిస్తుంది గానీ దానివల్ల ఇద్దరికీ నష్టమే. చివరి రౌండ్ అయ్యాక అమ్మాయి ఇంటర్ సెకండియర్ అనో, అమ్మానాన్నలు నర్సాపురం వదిలి రారనో చెబితే క్లయింట్ ముందు కన్సల్టెంట్ మాట పడిపోతుంది. ఆయన మళ్లీ మీకు ఫోన్ చేయడు. అందుకే ఇప్పుడు సరే, ఫలానా నెల తర్వాత సరే, వద్దు అని మూడు ముక్కల్లో చెప్పండి. కారణాలు అడిగితే ఫోన్‌లో చెప్పొచ్చు. కుటుంబాన్ని ఇక్కడే ఉంచి వారానికోసారి వచ్చిపోదామన్న ఆలోచన ఉంటే అది కూడా మొదటి ఫోన్‌లోనే చెప్పండి. ప్లాంట్ నడిపే పోస్టుకు చాలా సంస్థలు దానికి ఒప్పుకోవు.

మెయిల్ చివర ‘కొన్ని సంస్థల గురించి ఫోన్‌లో’ అన్నది డెల్టాకు మరీ అవసరం. ఇక్కడ హేచరీ ఒకరిది, మేత ఫ్యాక్టరీ వాళ్ల వియ్యంకుడిది, ఐస్ ప్లాంట్ బావమరిదిది అయి ఉంటుంది. పైకి వేరే సంస్థలే, సాయంత్రానికి మాట చేరేది ఒకే ఇంటికి. బయటి కన్సల్టెంట్‌కి ఆ చుట్టరికాలు తెలియవు. ఆ పేర్లు మెయిల్‌లో రాస్తే మీ సంస్థ ఏదో అవే చెప్పేస్తాయి, అందుకే నోటితోనే చెప్పండి. ఇంకా మెయిల్‌ని సంస్థ సాధారణ ఇన్‌బాక్స్‌కి కాకుండా ఆ కన్సల్టెంట్ సొంత ఆఫీసు ఐడీకి పంపండి. మాట్లాడే టైమ్ కుదిరాక వాళ్ల అసిస్టెంట్ క్యాలెండర్ ఇన్వైట్ పంపుతారు. అది పొరపాటున మీ ఆఫీసు ఐడీకి వస్తే మీ క్యాలెండర్ చూసే సెక్రటరీకి మొదట కనిపిస్తుంది. ‘ఈ ఐడీకే’ అని రాయమన్నది అందుకే.

జీమెయిల్‌లో Confidential mode ఉంది కదా అంటారేమో. ఇక్కడ వద్దు. ఫార్వర్డ్, కాపీ, ప్రింట్, డౌన్‌లోడ్ ఆపుతుంది గానీ స్క్రీన్‌షాట్‌ని ఆపలేదు. పైగా గడువు తీరాక మెయిల్ తెరుచుకోదు. ఆరు నెలలకు మీకు సరిపోయే పోస్టు వచ్చినప్పుడు ఆయన వెతికేది ఆ మెయిల్ కోసమే.

రెజ్యూమె ఆయన అడిగాక పంపండి. వర్డ్ ఫైల్ కాపీ ఒకటి తీసి, File, Info, Check for Issues, Inspect Document అని వరుసగా వెళ్తే ఫైల్లో దాగిన రచయిత పేరు, కంపెనీ పేరు, పాత కామెంట్లు చూపించి Remove All అడుగుతుంది. ఆఫీసు వర్డ్‌లో మొదలుపెట్టిన ఫైల్లో కంపెనీ పేరు తరచూ ఉండిపోతుంది. అది శుభ్రం చేశాకే పీడీఎఫ్ చేయండి. అడోబీ రీడర్‌లో తెరిచి Ctrl+D కొడితే ఏం మిగిలిందో కనిపిస్తుంది.

లింక్డ్‌ఇన్‌లో Open to work పెట్టే ఆలోచన ఉంటే Recruiters only ఎంచుకున్నా మీ హోదాలో వద్దనే చెప్తాను. మీ కంపెనీ రిక్రూటర్లకు కనిపించకుండా ప్రయత్నిస్తామని లింక్డ్‌ఇన్ అంటుంది, కానీ పూర్తి హామీ ఇవ్వదు. వియ్యంకుడి ఫ్యాక్టరీ రిక్రూటర్‌కి ఆ అడ్డు కూడా ఉండదు.

ప్రశ్న: కన్సల్టెంట్‌కి ఆఫీసు మెయిల్ నుంచే పంపేశాను. వెంటనే Sent లోంచి, ట్రాష్ లోంచి డిలీట్ చేశా. ఇక టెన్షన్ లేనట్టేనా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీకు కనిపించదు, అంతే. గూగుల్ వర్క్‌స్పేస్ అయితే ట్రాష్ ఖాళీ చేశాక కూడా 25 రోజుల వరకు అడ్మిన్ వెనక్కి తేగలరు. కంపెనీ వాల్ట్ లాంటి ఆర్కైవ్ వాడుతుంటే వాళ్లు పెట్టుకున్న గడువు దాకా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ 365లోనూ అలాంటి ఏర్పాటు ఉంది. అయితే అడ్మిన్ ప్రతి మెయిల్ చదువుతూ కూర్చోడు, ఏదో కారణం ఉంటేనే వెతుకుతారు. కాబట్టి ఇంకా తుడిచే ప్రయత్నాలు మానేయండి. ఒకేసారి బోలెడు మెయిళ్లు డిలీట్ చేయడం, ఐటీ వాళ్లను అడగడం లాంటివే అనుమానం రేపుతాయి. ఈరోజే సొంత మెయిల్ నుంచి ఆ కన్సల్టెంట్‌కి రెండు లైన్లు రాయండి: పాత ఐడీని మీ రికార్డుల్లోంచి తీసి ఇది పెట్టండి, ఆ మెయిల్‌కి రిప్లై ఇవ్వొద్దు. అసలు ప్రమాదం ఆయన రిప్లైలోనే ఉంది, ఎందుకంటే అది సరిగ్గా మీ ఫోన్ మీటింగ్ టేబుల్ మీద ఉన్నప్పుడు స్క్రీన్ మీద వెలగొచ్చు. ఆయన మార్చానని చెప్పేదాకా ఆఫీసు మెయిల్ నోటిఫికేషన్లలో సబ్జెక్టు కనిపించకుండా లాక్ స్క్రీన్ సెట్టింగ్ మార్చుకోండి.