బీపీ మాత్రలు ఎంత తెప్పించాలి, ఎప్పుడు తెప్పించాలి?

*మందుల షాపు నడుపుతున్నాను. ఒక బీపీ మాత్ర రోజుకు సుమారు 20 స్ట్రిప్పులు పోతుంది. ఒకేసారి ఎంత కొంటే ఖర్చు తక్కువో చెప్పే ఈఓక్యూ లెక్క వేసుకుని ఒకేసారి 540 తెప్పిస్తున్నాను. సరుకు రావడానికి సగటున 3 రోజులు పడుతుంది కాబట్టి 60 మిగలగానే ఆర్డర్ పెడతాను. అయినా మధ్యమధ్యలో ర్యాక్ ఖాళీ అయిపోతోంది. ఇంకా ఎక్కువ తెప్పించాలా? డబ్బంతా సరుకులోనే ఇరుక్కుపోతుందని టెన్షన్‌గా ఉంది.*

ఎక్కువ తెప్పించనక్కర్లేదు. కాస్త ముందుగా తెప్పించాలి. ఎంత కొనాలన్నది ఒక లెక్క, ఎప్పుడు కొనాలన్నది ఇంకో లెక్క. మీకు తేడా వచ్చింది రెండో దానిలో.

ముందు మొదటి లెక్క చూద్దాం, ఎందుకంటే దీని గురించి అనవసరంగా బెంగపడుతున్నారు. ఫోర్డ్ హారిస్ అనే ఇంజనీరు 1913లో ఇచ్చిన సూత్రం ఇది:

```
Q = √(2 × D × S / H)
```

Q ఒకేసారి తెప్పించాల్సిన స్ట్రిప్పులు, D ఏడాది అమ్మకం, S ఒక్క ఆర్డర్‌కయ్యే ఖర్చు, H ఒక స్ట్రిప్పును ఏడాది పాటు నిల్వ ఉంచడానికయ్యే ఖర్చు. లెక్కంతా డబ్బులో కాకుండా స్ట్రిప్పుల్లో వేద్దాం, అలాగైతే ధర మారినప్పుడల్లా మళ్లీ వేసుకునే పని ఉండదు. ఫోను చేయడం, బిల్లు సరిచూడటం, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఎక్కించడం, డెలివరీ అన్నీ కలిపి ఒక ఆర్డర్‌కు 4 స్ట్రిప్పుల ధరంత ఖర్చవుతుందనుకుందాం. వడ్డీ, ఎక్స్‌పైరీ నష్టం కలిపి నిల్వ ఖర్చు ఏడాదికి కొన్న ధరలో 20 శాతం. 360 రోజుల అమ్మకం 7,200 స్ట్రిప్పులు. ఇవన్నీ సూత్రంలో పెడితే సుమారు 537 వస్తుంది. మీ 540 సరిగ్గానే ఉంది.

కానీ ఆ అంకెకు కట్టుబడి ఉండాల్సిన పని లేదు. 537 చొప్పున కొంటే ఆర్డర్ల ఖర్చు, నిల్వ ఖర్చు కలిపి ఏడాదికి 107 స్ట్రిప్పుల ధర అవుతుంది. 400 చొప్పున కొంటే 112. తేడా ఐదు స్ట్రిప్పులే! ఈ సూత్రం గీసే గీత అడుగున పళ్లెంలా చదునుగా ఉంటుంది, కొంచెం అటూ ఇటూ జరిగినా నష్టం లేదు. అందుకే నేనైతే 400 దగ్గర ఆగుతాను. 27 రోజుల సరుకు బదులు 20 రోజుల సరుకే చేతిలో ఉంటుంది, ఎక్స్‌పైరీ భయమూ తగ్గుతుంది. అలాగని బాగా చిన్న ఆర్డర్లు పెట్టొద్దు. ర్యాక్ ఖాళీ అయ్యే ప్రమాదం ప్రతి ఆర్డర్ చివరా ఒకసారి వస్తుంది కాబట్టి, ఆర్డర్లు పెరిగితే ఆ ప్రమాదాలూ పెరుగుతాయి.

ఇక అసలు సంగతి, 60. మీ చివరి పది ఆర్డర్ల బిల్లులు తీసి, ఆర్డర్ పెట్టిన రోజు నుంచి సరుకు ర్యాక్‌లోకి ఎక్కిన రోజు వరకు ఎన్ని రోజులు పట్టిందో రాయండి. ఉదాహరణకు ఇలా ఉందనుకుందాం: 2, 3, 2, 2, 4, 3, 2, 7, 3, 2. సగటు సరిగ్గా 3. ఇప్పుడు 60 ఎలా పనిచేస్తుందో చూడండి. రెండు రోజుల్లో వచ్చినప్పుడు బెడద లేదు. మూడు రోజులు పడితే అమ్మకం కొంచెం పెరిగినా కొరతే, అంటే బొమ్మా బొరుసా. నాలుగు, ఏడు రోజులు పడితే ఖాళీ ఖాయం. మొత్తంమీద పదిలో మూడు నాలుగు ఆర్డర్లకు ర్యాక్ ఖాళీ అవుతుంది. సగటు మీద ఆధారపడితే జరిగేది ఇదే.

పాఠ్యపుస్తకాల్లో దీనికి మందు సేఫ్టీ స్టాక్, అంటే ఆలస్యాలను తట్టుకోవడానికి అదనంగా ఉంచుకునే సరుకు:

```
ROP = d × L + z × √(L × σd² + d² × σL²)
```

ROP అంటే రీఆర్డర్ పాయింట్, ఎన్ని మిగిలినప్పుడు ఆర్డర్ పెట్టాలో చెప్పే అంకె. d రోజు అమ్మకం, L సరుకు రావడానికి పట్టే సగటు రోజులు, σ గుర్తులు వాటిలోని హెచ్చుతగ్గులు. z మీకు కావలసిన భరోసా. 95 శాతానికి 1.645. రోజు అమ్మకంలో హెచ్చుతగ్గు 6 స్ట్రిప్పులు అనుకుంటే, రూట్ లోపలి మొదటి భాగం 108. పై పది అంకెల నుంచి వచ్చే రెండో భాగం 978. అంటే మీ అనిశ్చితిలో పదింట తొమ్మిది వంతులు డిస్ట్రిబ్యూటర్ వైపు నుంచే వస్తోంది, కస్టమర్ల వైపు నుంచి కాదు. సేఫ్టీ స్టాక్ 54, రీఆర్డర్ పాయింట్ 114.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నేను ఆగను. ఈ సూత్రం రోజులు సగటుకు అటూ ఇటూ సమానంగా చెదిరి ఉంటాయని అనుకుంటుంది. మీ సరుకు అలా రాదు. మామూలుగా రెండు మూడు రోజుల్లో వస్తుంది, ఎప్పుడో ఒకసారి ఏకంగా వారం పడుతుంది. ఆ వారంలో 140 స్ట్రిప్పులు అమ్ముడవుతాయి, 114 చాలవు. అలాంటి వారం పదింట ఒకసారి వస్తోంది కాబట్టి మీరు ఇరవైలో ఒకసారి అనుకున్న కొరత నిజానికి పదిలో ఒకసారి వస్తుంది. 95 శాతం నిజంగా కావాలంటే 140 దగ్గర, ఇంకాస్త నిశ్చింత కావాలంటే 150 దగ్గర ఆర్డర్ పెట్టాలి. సూత్రం వేశాక ఆ అంకెను పాత బిల్లులతో ఇలా ఒకసారి సరిపోల్చి చూసుకోవాలి.

150 అంటే సగటు అవసరం 60 పోగా 90 స్ట్రిప్పులు అదనంగా కూర్చుంటాయి. వాటి నిల్వ ఖర్చు ఏడాదికి 18 స్ట్రిప్పుల ధర. బీపీ మాత్ర వాడే మనిషి నెలనెలా వస్తాడు, మిగతా మందులూ మీ దగ్గరే కొంటాడు. అలాంటి ఒక్క మనిషి వేరే షాపుకు అలవాటు పడితే పోయేది దీనికంటే ఎక్కువే. పైగా 400, 150 పద్ధతిలో మీ సగటు నిల్వ 290. ఇప్పుడు 540, 60తో సుమారు 270 ఉంటోంది. కేవలం 20 స్ట్రిప్పుల తేడాతో కొరత దాదాపు పోతుంది.

రెండు జాగ్రత్తలు. స్టాక్ లేని రోజుల్లో అమ్మకం సున్నా అని పడుతుంది, అది గిరాకీ లేక కాదు. ఆ రోజులు తీసేసి సగటు కట్టండి, లేకపోతే 20 అన్నదే తక్కువ లెక్క అవుతుంది. అలాగే కంప్యూటర్‌లో 150 చూపిస్తున్నా అందులో ఎక్స్‌పైరీ దగ్గరపడి పక్కన పెట్టినవి ఉంటే అవి లెక్కలోకి రావు.

మూడో రోజుకు సరుకు రాకపోతే వేరే డిస్ట్రిబ్యూటర్ దగ్గర 100 స్ట్రిప్పులు తెచ్చుకునే ఏర్పాటు ఉంటే, 150ని 100కు దించుకోవచ్చు. దాంతో మిగిలేది ఏడాదికి 10 స్ట్రిప్పుల ధర. అతను 5 శాతం ఎక్కువ ధర వేస్తే, అలాంటి ఆర్డర్లు ఏడాదికి రెండు పడినా ఆ పది అక్కడే పోతాయి. కాబట్టి ఈ మాత్రకు రెండో డిస్ట్రిబ్యూటర్ అక్కర్లేదు. ఇన్సులిన్‌కు మాత్రం పెట్టుకోండి. ఫ్రిజ్‌లో చోటు తక్కువ, సేఫ్టీ స్టాక్ పెంచడానికి అక్కడ వీలుండదు.