1.25 నుంచి 1.20కి పడితే 4 శాతమా, 4.2 శాతమా?

ప్రశ్న: మాది ఖమ్మం. బీకాం అయ్యాక బర్మింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ ఫైనాన్స్ చేస్తున్నాను. ఇక్కడ గ్రాడ్యుయేట్ స్కీములకు అప్లై చేస్తే ముందు ఆన్‌లైన్‌లో న్యూమరికల్ టెస్ట్ పెడుతున్నారు. రెండుసార్లు అక్కడే ఆగిపోయాను. కరెన్సీ టేబుల్ ఇచ్చి రేటు ఎంత శాతం మారిందని అడిగే ప్రశ్నల్లో లెక్క తప్పినట్టు నాకు అనిపించదు. ప్రాక్టీస్ టెస్టుల్లో జవాబు చూస్తే మాత్రం కొద్దిలో తేడా. నాకు 4 వస్తే వాళ్లకు 4.2. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

జవాబు: మీ లెక్క తప్పి ఉండకపోవచ్చు. 1 పౌండుకు 1.25 డాలర్లు ఉన్న రేటు 1.20కి వస్తే తగ్గుదల కచ్చితంగా 4 శాతమే. అయితే ఆ 4 శాతం పౌండుది. అదే మార్పును డాలరు వైపు నుంచి చూస్తే పెరుగుదల 4.2 శాతం. ప్రశ్న డాలరు గురించి అడిగితే మీరు పౌండు గురించి జవాబు చెప్పారన్నమాట. ప్రశ్న తయారు చేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఆప్షన్లలో రెండూ ఉంటాయి.

మన పిల్లలకు ఇది ఎక్కువగా తగలడానికి ఒక కారణం ఉంది. మన దగ్గర వార్తల్లో రేటు ఎప్పుడూ 'డాలరుకు ఇన్ని రూపాయలు' అనే చెబుతారు. 80 కాస్తా 90 అయితే రూపాయి పడిపోయిందంటాం. అంకె పెరిగితే మన కరెన్సీ పడినట్టు, తగ్గితే బలపడినట్టు. చిన్నప్పటి నుంచి వింటున్నది అదే. బ్రిటన్‌లో పద్ధతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. అక్కడ 'పౌండుకు ఇన్ని డాలర్లు' అంటారు. అంకె తగ్గితే వాళ్ల సొంత కరెన్సీయే పడినట్టు. మీరు చూసే టేబుళ్లలో చాలావాటికి పౌండే మూలం కాబట్టి, ఇంటి అలవాటుతో చదివితే దిశ తారుమారవుతుంది.

ఒక టేబుల్ తీసుకుందాం. లెక్క తేలిగ్గా తేలడానికి నేను వేసుకున్న అంకెలివి, నిజమైన మార్కెట్ రేట్లు కావు.

| 1 పౌండుకు | జనవరి | ఏప్రిల్ | జూలై |
|---|---|---|---|
| అమెరికా డాలర్లు | 1.25 | 1.30 | 1.20 |
| భారత రూపాయలు | 100 | 105 | 108 |

మొదట చూడాల్సింది అంకెల్ని కాదు, పై వరసలోని 'ఒకటి' ఎవరిదో. ఇక్కడ ఆ ఒకటి పౌండుది. అంటే టేబుల్‌లోని ప్రతి గడీ పౌండు విలువే చెబుతోంది, ఒకచోట డాలర్లలో, ఒకచోట రూపాయల్లో. పౌండు గురించి అడిగితే గడిలోని అంకెల్ని ఉన్నవున్నట్టు వాడుకోవచ్చు. జూలై అంకెను జనవరి అంకెతో భాగించండి: 1.20 ÷ 1.25 = 0.96. ఒకటికి 0.04 తక్కువ, అంటే 4 శాతం తగ్గుదల. ముందు తేడా తీసి, తర్వాత భాగించి, ఆపైన వందతో గుణించే పని లేదు. కాలిక్యులేటర్‌లో ఒక్క భాగహారం చాలు. (మన బ్యాంకు పరీక్షల్లోలా కాకుండా ఈ టెస్టుల్లో చాలావాటికి కాలిక్యులేటర్ అనుమతిస్తారు. సూచనల పేజీలో ఆ మాట ఉందో లేదో చూసుకుని, చేతికి అలవాటైనది దగ్గర పెట్టుకోండి.)

అదే డాలరు గురించి అడిగితే భాగహారాన్ని తిరగేయాలి. పాత అంకె పైన, కొత్తది కింద: 1.25 ÷ 1.20 = 1.0417. పెరుగుదల 4.17 శాతం, ఒక దశాంశానికి 4.2. ఎందుకు తిరగేయాలంటే, జనవరిలో ఒక డాలరు విలువ 0.80 పౌండ్లు, జూలైలో 0.8333. తేడాను ఇప్పుడు 0.80 మీద లెక్కిస్తున్నాం. మారింది శాతం లెక్కించే పునాది.

మార్పు చిన్నదైతే ఈ రెండు శాతాలూ దగ్గరదగ్గరగా ఉంటాయి, మార్పు పెరిగేకొద్దీ దూరమవుతాయి. 2022 మొదట్లో పౌండు సుమారు 1.35 డాలర్లు ఉండేది. ఆ సెప్టెంబరులో బ్రిటన్ ప్రభుత్వం మినీ బడ్జెట్ ప్రకటించాక ఒక దశలో 1.03 దగ్గరికి పడింది. పౌండు వైపు నుంచి చూస్తే దాదాపు 24 శాతం పతనం. డాలరు వైపు నుంచి అయితే 31 శాతం పెరుగుదల. ఒకే సంఘటనకు రెండు అంకెలు, రెండూ సరైనవే.

ఇప్పుడు అసలు కష్టమైన రకానికి వద్దాం. పై టేబుల్ ఇచ్చి, 'జనవరి నుంచి జూలైకి రూపాయల్లో డాలరు విలువ ఎంత శాతం మారింది?' అని అడిగారనుకోండి. డాలరుకు రూపాయలు ఎన్నో టేబుల్‌లో ఎక్కడా లేదు. రెండింటికీ పౌండుతోనే సంబంధం. చాలామంది ఇక్కడ చేసేది ఏమిటంటే, పౌండు రూపాయి మీద 8 శాతం పెరిగింది, డాలరు మీద 4 శాతం తగ్గింది, కాబట్టి కలిపితే 12 అనేస్తారు. కొందరు తీసేసి 4 అంటారు. శాతాల్ని అలా కలపడానికీ తీసేయడానికీ వీల్లేదు, ఒక్కోటీ ఒక్కో పునాది మీద నిలబడింది.

పౌండును మధ్యలోంచి తప్పించాలి. జనవరిలో 1.25 డాలర్లూ 100 రూపాయలూ ఒకే పౌండుకు సమానం కాబట్టి, ఒక డాలరు 100 ÷ 1.25 = 80 రూపాయలు. జూలైలో 108 ÷ 1.20 = 90 రూపాయలు. 90 ÷ 80 = 1.125. పెరుగుదల 12.5 శాతం. ఇదే ప్రశ్నలో 'డాలరు మీద రూపాయి ఎంత శాతం పడింది' అని ఉంటే 80 ÷ 90 = 0.889, అంటే 11.1 శాతం. ఆప్షన్లలో 4.0, 11.1, 12.0, 12.5 నాలుగూ కనిపిస్తే ఆశ్చర్యపోకండి, ఒక్కోటీ ఒక్కో రకం పొరపాటు కోసం కాచుకుని ఉంటుంది. నా అనుభవంలో ఈ ఒక్క లెక్కను కాగితం మీద నాలుగైదు రకాలుగా తిప్పి చేసినవాళ్లకు తర్వాత కరెన్సీ టేబుల్ అంటే భయం ఉండదు.

ఇంకో రూపం ఖర్చు ప్రశ్న. లండన్‌లోని ఒక కంపెనీ అమెరికా నుంచి 156,000 డాలర్ల యంత్రం కొనాలి. ఏప్రిల్‌లో కాకుండా జూలైలో కొంటే పౌండ్లలో ఎంత శాతం ఎక్కువ పడుతుంది? పూర్తిగా చేస్తే, 156,000 ÷ 1.30 = 120,000 పౌండ్లు, 156,000 ÷ 1.20 = 130,000 పౌండ్లు. పదివేలు ఎక్కువ, 120,000 మీద 8.3 శాతం. రేటు ఎంత పడిందో చూస్తే మాత్రం 1.30 నుంచి 1.20కి 7.7 శాతం. తొందరలో ఉన్నవాళ్లు రేటు పతనాన్నే జవాబుగా పెట్టేస్తారు.

ఇక్కడ టైమ్ మిగిలే కిటుకు ఒకటుంది. డాలర్ల ధర రెండు నెలల్లోనూ అదే కాబట్టి శాతం కోసం 156,000 అవసరమే లేదు. 1.30 ÷ 1.20 = 1.0833, అయిపోయింది. ప్రశ్నకు సగటున నిమిషం, నిమిషంన్నర దొరికే చోట ఇది పెద్ద ఊరట. ఒకవేళ ధర కూడా మారిందని చెబితే ఈ కిటుకు పనికిరాదు, రెండు మొత్తాలూ విడివిడిగా మార్చాల్సిందే. శాతం కాకుండా ఎన్ని పౌండ్లని అడిగినా అంతే.

అన్నట్టు, 156,000 అంటే మన లక్షా యాభైఆరు వేలే. కామాలు మనలా వేయరు కాబట్టి హడావుడిలో సున్నాలు జారిపోతుంటాయి. టేబుల్ మీద 'వేలల్లో' అనో 'మిలియన్లలో' అనో చిన్న అక్షరాలతో ఉంటే దాన్ని ముందే రఫ్ కాగితం మీద రాసుకోండి. యెన్ ఉన్న టేబుల్ అయితే రేటు ఒక యెన్‌కా, 100 యెన్‌లకా చూడండి. మన దేశంలో రూపాయి రిఫరెన్స్ రేటు కూడా యెన్ దగ్గరికి వచ్చేసరికి 100 యెన్‌లకే ప్రకటిస్తారు.

మీరు చెప్పిన 'కొద్దిలో తేడా'కు మరో కారణం కూడా ఉండొచ్చు. మధ్యలో అంకెల్ని కుదించడం. డాలరు విలువ 1 ÷ 1.20 చేసి 0.8333 బదులు 0.83 అని రాసుకున్నారనుకోండి. 0.83 ÷ 0.80 = 1.0375 అవుతుంది, జవాబు 3.8 శాతానికి జారుతుంది. పద్ధతి సరైనదే, అయినా మార్కు పోయింది. మారకపు రేట్లు చిన్న అంకెలు, వాటిలో రెండో దశాంశం తర్వాత కోసేస్తే శాతం మీద దెబ్బ గట్టిగా పడుతుంది. మధ్య ఫలితాన్ని కాలిక్యులేటర్‌లోనే ఉంచి, ఆఖరు అంకెను మాత్రమే కుదించండి. తిరగేసిన భాగహారం వాడితే ఆ మధ్య మెట్టే ఉండదు, అందుకే నేను దాన్నే చెబుతాను.

కాబట్టి కొత్త టెస్టుల మీద పడే ముందు, ఇప్పటిదాకా చేసిన ప్రాక్టీస్‌లో తప్పిన కరెన్సీ ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టుకోండి. ప్రతి దానిలో మీ జవాబూ వాళ్ల జవాబూ పక్కన పక్కన రాయండి. మీది 4.0, వాళ్లది 4.2 లాంటి తేడా అయితే భాగహారం తిరగేసి చూడండి, వాళ్ల అంకె వచ్చిందంటే పొరపాటు పునాదిది. మీది 12, వాళ్లది 12.5 అయితే శాతాలు కలిపేశారేమో చూడండి. మీ అంకెను తిరగేసినా వాళ్లది రాకపోతే మధ్యలో ఎక్కడో కుదించి ఉంటారు. పెరిగిందా తగ్గిందా అన్నదే తారుమారైతే టేబుల్‌లో ఒకటి ఎవరిదో చూడకుండా మొదలుపెట్టారన్నమాట. ఏ రకం ఎక్కువ తేలితే దాని మీదే ఒక వారం కూర్చోండి. అన్ని రకాలూ కలిపి రోజుకో పూర్తి టెస్ట్ రాస్తూ పోతే మీ పొరపాటు ఏదో మీకు కనబడదు.

టెస్ట్‌లో ప్రశ్న చదవగానే లెక్కకు ముందు రెండే మాటలు కాగితం మీద పడాలి: 'డాలరు, పౌండ్లలో' అనో 'పౌండు, డాలర్లలో' అనో. ఎవరి విలువ, దేనిలో అన్నది అందులోనే ఉంది. తర్వాత ఆప్షన్ల వైపు ఒకసారి చూడండి. అవి 2, 9, 15, 30 లా దూరదూరంగా ఉంటే అంచనాతోనే తేల్చేసి ముందుకు వెళ్లొచ్చు. 7.7, 8.3 లా దగ్గరగా ఉంటే ఆ ప్రశ్న పరీక్షిస్తున్నది పునాదినే, అక్కడ పది సెకన్లు ఎక్కువ పెట్టండి. ఆప్షన్లు లేకుండా జవాబు టైప్ చేయమనే టెస్టులూ ఉంటాయి. వాటిలో ఎన్ని దశాంశాలకు అడిగారో చూడకపోతే సరైన లెక్క కూడా తప్పు కింద పోతుంది.