సిక్ లీవ్ పెట్టేటప్పుడు మేనేజర్‌కి జబ్బు పేరు చెప్పాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. వచ్చే గురువారం నాకు పైల్స్ ఆపరేషన్. వారం రెస్ట్ కావాలన్నారు డాక్టర్. ఆ మాట మేనేజర్‌తో అనాలంటే సిగ్గుగా ఉంది. వైరల్ ఫీవర్ అని చెప్పేస్తే పోదా?

జవాబు: పోదు. జబ్బు పేరు చెప్పకపోతే తప్పేం లేదు గానీ, లేని జబ్బు పేరు చెబితే ఇరుక్కుంటారు. చాలా కంపెనీల్లో సిక్ లీవ్ రెండు మూడు రోజులు దాటితే మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారు. మీరు ఫీవర్ అన్నారు, కాగితం మీద సర్జరీ అని ఉంది. అప్పుడు హెచ్‌ఆర్ మీ ఆపరేషన్ గురించి కాదు, మీరు ఆడిన అబద్ధం గురించి అడుగుతారు. పైగా మీది ముందే తేదీ ఖాయమైన ఆపరేషన్. జ్వరం వచ్చే గురువారం వస్తుందని ఈ రోజే ఎవరికీ తెలియదు కదా!

మేనేజర్‌కి నిజంగా కావలసినవి మూడే: ఎన్ని రోజులు రారు, మీ పని ఎవరు చూస్తారు, మధ్యలో ఫోన్ చేయొచ్చా లేదా. ఆ మూడూ స్పష్టంగా ఉంటే నాలుగో ప్రశ్న రావడం తక్కువ. అవి లేకుండా ‘ఒంట్లో బాగాలేదు, రాలేను’ అని వదిలేస్తేనే ‘ఏమైంది?’ అన్న ఆరా మొదలవుతుంది. అందుకని రేపే ఇలా మెయిల్ పెట్టండి, మీ ఆఫీసులో వాడే ఇంగ్లీషులోనే:

‘గురువారం నాకు చిన్న సర్జరీ ఉంది. డాక్టర్ ఆ రోజు నుంచి వారం విశ్రాంతి చెప్పారు, ఆ పై గురువారం తిరిగి వస్తాను. బుధవారం సాయంత్రానికి నా టికెట్లు అప్పగించి, వివరాలు రాసి పెడతాను. మొదటి రెండు రోజులు ఫోన్‌లో దొరకను, తర్వాత అత్యవసరమైతే మెసేజ్ చూస్తాను. సర్టిఫికెట్ హెచ్‌ఆర్‌కి ఇస్తాను.’

ఇది మేనేజర్ ఒక్కరికే వెళ్లాలి, టీమ్ వాట్సాప్ గ్రూపులో కాదు. గ్రూపులో ‘వారం లీవులో ఉంటాను’ అంటే చాలు. లీవ్ పోర్టల్లో కారణం రాసే గడిలోనూ ‘మెడికల్’ అని మాత్రమే రాయండి. అక్కడ రాసింది రికార్డులో ఉండిపోతుంది, రేపు మేనేజర్ మారితే కొత్తాయన కూడా చదవొచ్చు.

ఎదురుగా ‘ఏం సర్జరీ?’ అని అడిగితే కంగారుపడి కథ అల్లకండి. ‘పెద్దదేం కాదు సార్, వారంలో తగ్గిపోతుందన్నారు’ అని, వెంటనే పని మాట ఎత్తండి. చాలామంది మంచితనంతోనే అడుగుతారు. వాళ్లకు కావలసింది భయపడాల్సిందేమీ లేదన్న మాటే.

అసలు గుట్టు బయటపడేది మాటల్లో కాదు, కాగితాల్లో. డిశ్చార్జ్ సమ్మరీలో జబ్బు పేరు, పాత జబ్బులు, వాడే మందులు, ఒక్కోసారి తాగుడు అలవాటు కూడా ఉంటాయి. లీవు కోసం దాన్ని ఫొటో తీసి పంపేవాళ్లు చాలామంది. డిశ్చార్జ్ రోజే డాక్టర్‌ని విడిగా లీవ్ సర్టిఫికెట్ అడగండి. అందులో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు విశ్రాంతి అవసరమో, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, ముద్ర ఉండాలి. మామూలు నమూనాలో జబ్బు పేరుకు కూడా ఒక గీత ఉంటుంది. అక్కడ ‘శస్త్రచికిత్స అనంతర విశ్రాంతి’ అని రాయమని ముందే అడగండి. రాసిచ్చాక మార్చమంటే విసుక్కుంటారు. కంపెనీ ఇన్సూరెన్స్ వాడుకుంటే పూర్తి వివరాలు హాస్పిటల్ ఇన్సూరెన్స్ డెస్క్ నుంచి క్లెయిమ్ చూసే సంస్థకు వెళ్తాయి. ఆ దారిలో మేనేజర్ లేరు.

రెండు చోట్ల మాత్రం కాస్త ఎక్కువ చెప్పక తప్పదు. ఒకటి, అంటుకునే జబ్బు. చికెన్‌పాక్స్ పొక్కులు కనపడకముందే ఒకటి రెండు రోజుల నుంచి అంటుకుంటుంది. పక్క సీట్లో గర్భిణి ఉంటే ఆమెకు ఆ సంగతి తెలియాలి, కాబట్టి పేరు చెప్పాలి. రెండోది, తిరిగొచ్చాక పని పద్ధతి మారాల్సి వస్తే. మీకు ఇదే వర్తిస్తుంది. ఎక్కువసేపు కూర్చోవద్దని డాక్టర్ అంటే ‘రెండు వారాల పాటు ఏకబిగిన గంటకు మించి కూర్చోకూడదు’ అని రాయించుకోండి. అక్కడా చేయలేని పని ఏమిటో చెబుతున్నారు, జబ్బు పేరు కాదు. వర్క్ ఫ్రమ్ హోమ్ అడగడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

సెలవుల లెక్కకు వస్తే, రెండు తెలుగు రాష్ట్రాల్లో అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో సిక్ లీవు, విడిగా మరో 12 రోజుల వరకు క్యాజువల్ లీవు ఇస్తుంది. మీకు ఇంకా ఎన్ని మిగిలాయో మెయిల్ పెట్టకముందే పోర్టల్లో చూసుకోండి. చాలకపోతే మిగతావి ఏ ఖాతాలో వేయాలో హెచ్‌ఆర్‌ని అడగండి, ఆ ప్రశ్నకు కూడా జబ్బు పేరు అక్కర్లేదు.